పోర్ట్‌ఫోలియో క్యారసెల్‌కి క్యాప్షన్ రాస్తున్నాను: ప్రాజెక్టు డైరీ

1వ రోజు, సోమవారం

గుంటూరులో ఫ్లెక్స్ షాపు ఉద్యోగం మానేసి సొంతంగా డిజైన్ పని మొదలుపెట్టి ఏడాది దాటింది. పోయిన నెల ఇన్‌స్టాగ్రామ్‌లో నా పనుల ఫొటోలు ఎనిమిది కలిపి ఒక క్యారసెల్ పెట్టాను. ఫొటోల మీద నాలుగు రోజులు కూర్చున్నాను, కింద క్యాప్షన్ మాత్రం పది నిమిషాల్లో రాసి వదిలేశాను. "అన్ని రకాల డిజైన్లు చేయబడును, 48 గంటల్లో డెలివరీ, ధర కోసం మెసేజ్ చేయండి." అంతే రాశాను.

ఈరోజు కూర్చుని ఆ పోస్ట్ చూసి వచ్చిన మెసేజ్‌లన్నీ మళ్లీ చదివాను. మొత్తం పద్నాలుగు. వాటిలో పదకొండు మంది అడిగింది ఒకటే, "రేట్ ఎంత?" దేనికి రేటో వాళ్లు చెప్పలేదు. నేను "ఏం కావాలండీ?" అని అడిగితే సగం మంది మళ్లీ జవాబే ఇవ్వలేదు. మిగతావాళ్లకి రేటు చెప్పాక "చూసి చెప్తాం" అన్నారు. పని కుదిరింది ఒక్కటే, అది కూడా 48 గంటల దగ్గర గొడవైంది. దాని సంగతి తర్వాత రాస్తాను.

అంటే ఫొటోలు చూసి మనుషులు ఆగుతున్నారు, క్యాప్షన్ దగ్గరికి వచ్చేసరికి వాళ్లకి కావలసింది దొరకడం లేదు. చిన్న వ్యాపారం నడిపేవాళ్లకి నా సాఫ్ట్‌వేర్ గురించి అక్కర్లేదు, నాకు ఎన్నేళ్ల అనుభవమో అక్కర్లేదు. నా షాపుకి ఇలాంటిది చేయించాలంటే ఎంతవుతుంది, ఎప్పటికి వస్తుంది, నేనేం ఇవ్వాలి, ఈ మూడే వాళ్లకి కావాలి. ఈసారి ఫొటోలు అవే ఉంచి క్యాప్షన్ మొదటి నుంచి రాస్తాను. పాత పోస్ట్‌లోనే క్యాప్షన్ మార్చవచ్చు కానీ కొత్తగా పెడితేనే తేడా తెలుస్తుందని కొత్త పోస్టే వేస్తున్నాను.

2వ రోజు, మంగళవారం

ధర రాయాలంటే ముందు నా ధర నాకు తెలియాలి కదా. ఫ్లెక్స్ షాపులో డిజైన్‌కి విడిగా డబ్బులు ఉండేవి కావు, చదరపు అడుగు లెక్కన ప్రింట్‌కి తీసుకునేవాళ్లు, డిజైన్ అందులో కలిసిపోయేది. ఆ అలవాటుతోనే బయటికొచ్చి నోటికొచ్చిన అంకె చెప్తూ వచ్చాను.

లెక్కకి పచ్చళ్ల అక్క పని తీసుకున్నాను, ఎందుకంటే దాని టైమ్ అంతా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముతారావిడ. ఆరు రకాలు, పావుకిలో సీసాలు. మొదట ఆవకాయ లేబుల్ ఒక్కటే అడిగారు. ఆ ఒక్క లేబుల్‌కి నాకు పట్టిన టైమ్ ఇది. ఆవిడతో మాట్లాడి వివరాలు రాసుకోవడానికి గంటన్నర, సీసా కొలిచి సైజు తేల్చుకోవడానికి అరగంట, డిజైన్‌కి ఐదు గంటలు, రెండుసార్లు మార్పులకి రెండు గంటలు, ప్రింట్ ఫైల్ తయారుచేసి ప్రెస్‌వాళ్లతో మాట్లాడటానికి గంట. మొత్తం పది గంటలు. నేను తీసుకున్నది ₹1,200. గంటకి ₹120 అన్నమాట.

ఇప్పుడు రెండోవైపు నుంచి. నెలకి కనీసం ₹25,000 రావాలి నాకు. నెలలో పనిచేసేది సుమారు రెండు వందల గంటలు, కానీ అందులో సగం ఫోన్లకి, కొటేషన్లకి, బాకీలు అడగడానికి, ప్రింట్ దగ్గర నిలబడటానికి పోతుంది, వాటికెవరూ డబ్బివ్వరు. బిల్లు వేయగలిగేది వంద గంటలే. కాబట్టి గంటకి ₹250 కంటే తక్కువ వస్తే నేను నష్టపోతున్నట్టే. ఆవకాయ లేబుల్‌కి సరైన ధర ₹2,500.

మిగతా ఐదు రకాలకి అంత అవసరం లేదు, ఎందుకంటే సీసా అదే, సైజు అదే, అమరిక అదే. పేరు, రంగు, పదార్థాల జాబితా మారతాయి. ఒక్కోదానికి రెండు గంటలు, అంటే ₹500. ఆరు రకాలకి కలిపి ₹5,000. ఈ అంకె కాగితం మీద చూసుకున్నాక నాకే ధైర్యం వచ్చింది, ఎవరైనా ఎందుకంత అని అడిగితే చెప్పడానికి లెక్క ఉంది.

"పేరు మార్చడానికి ఐదొందలా?" అని కొందరు తప్పకుండా అడుగుతారు. అక్క పనిలోనే దానికి జవాబుంది. ఆరో రకం గోంగూర చికెన్. ఆవకాయ ఫైల్ కాపీ చేసి పేరు మార్చాను, రంగు మార్చాను, పదార్థాలు మార్చాను. మూలన ఉన్న ఆకుపచ్చ చతురస్రం, అందులో ఆకుపచ్చ చుక్క మాత్రం అలాగే ఉండిపోయింది. శాకాహారం గుర్తు చికెన్ పచ్చడి మీద! నాన్‌వెజ్‌కి గోధుమరంగు చతురస్రంలో గోధుమరంగు త్రికోణం ఉండాలి. ప్రింట్‌కి పంపే ముందు ఆరు లేబుళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తే దొరికింది, లేకపోతే అచ్చయిన స్టిక్కర్లన్నీ పారేయాలి, అంతకంటే ముఖ్యం, తినకూడనివాళ్లు తినేవాళ్లు. ప్రతి రకానికి పదార్థాలు, నికర బరువు, తయారీ తేదీకి ఖాళీ, ఎంఆర్‌పీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆహార లైసెన్సు నంబరులో 14 అంకెలు, ఆ గుర్తు, అన్నీ విడిగా సరిచూడాలి. ఆ రెండు గంటల్లో ఎక్కువ భాగం దానికే పోతుంది.

3వ రోజు, బుధవారం

"నుంచి" అనే మాట మీద ఈరోజంతా ఆలోచించాను. "లేబుల్ ₹2,500 నుంచి" అని రాస్తే చదివేవాళ్లకి వినపడేది ₹2,500 మాత్రమే. తర్వాత ఆరు లేబుళ్లకి ₹5,000 అంటే "మీరు రెండున్నర వేలన్నారుగా" అంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు. కాబట్టి "నుంచి" రాసిన చోట పూర్తి లెక్క ఒకటి పక్కనే ఉండాలి. "ఆరు రకాలకి కలిపి ₹5,000" అని ఒక్క వాక్యం ఉంటే నాలుగు రకాలున్నవాళ్లు తమ లెక్క తామే వేసుకుంటారు.

లోగోకి మాత్రం "నుంచి" తప్పదు. షాపు పేరుని అందంగా రాసిస్తే చాలనేవాళ్లున్నారు, బొమ్మ గీయాలనేవాళ్లున్నారు. ₹4,000 నుంచి అని పెట్టి, ఆ ధరకి ఏం వస్తుందో రాస్తాను. రెండు ఐడియాలు చూపిస్తాను, ఒకటి ఎంచుకోవాలి, దాన్ని రెండుసార్లు సరిచేసి ఇస్తాను. ఐడియాల సంఖ్య రాయకపోతే "ఇంకోటి చూపించు తమ్ముడూ" అంటూ ఏడో ఐడియా దాకా వెళ్లిన అనుభవం నాకుంది.

పెళ్లిపత్రికలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, వీడియో ఎడిటింగ్ తీసేశాను. చేయలేక కాదు. మూడు పనులు రాస్తే వాటికోసం చూసేవాళ్లు ఆగుతారు, పదిహేను రాస్తే ఎవరికీ తమ పని కనపడదు. ఉంచినవి లేబుల్, మెనూ, లోగో. వీటికే నా దగ్గర అచ్చయిన పని ఫొటోలున్నాయి.

4వ రోజు, గురువారం

48 గంటల గొడవ గురించి. ఒక బొటిక్ ఆవిడ నా పాత పోస్ట్ చూసి సోమవారం పొద్దున మెసేజ్ చేశారు, లోగో, విజిటింగ్ కార్డు కావాలని. సాయంత్రానికి మాట్లాడుకున్నాం. షాపు పేరు ఇంకా ఖాయం కాలేదు, ఇంట్లో అడిగి బుధవారం చెప్పారు. ఆవిడ లెక్కలో 48 గంటలు బుధవారం పొద్దునే అయిపోయాయి, నా లెక్కలో అప్పుడే మొదలయ్యాయి. ఇద్దరం మంచిగానే మాట్లాడుకున్నాం గానీ ఆ పని అయిపోయేదాకా నాకు ఒకటే టెన్షన్, ఆవిడకి నా మీద నమ్మకం తగ్గింది. తప్పు నాది. ఎన్ని గంటలో రాశాను, ఎప్పటి నుంచో రాయలేదు.

కొత్త క్యాప్షన్‌లో ఇలా ఉంటుంది: వివరాలన్నీ, సగం అడ్వాన్సు, రెండూ అందిన మర్నాటి నుంచి లెక్క. లేబుల్‌కి, మెనూకి 5 పని రోజులు. లోగోకి 10. మూడు రోజుల్లో చేయగలిగిన రోజులూ ఉంటాయి, కానీ ఐదు అని చెప్పి నాలుగో రోజున ఇవ్వడమే నాకు కుదిరే పద్ధతి. మార్పులు చెప్పడానికి క్లయింట్ తీసుకునే రోజులు ఇందులో కలవవని కూడా రాయాలి.

ఇంకోటి, ప్రింటింగ్. చాలామందికి డిజైన్ అంటే చేతిలోకి వచ్చే స్టిక్కరే. ఐదు రోజులు అనగానే ఐదో రోజు సీసాలకి అంటించేసుకోవచ్చనుకుంటారు. నేనిచ్చేది ప్రింట్‌కి సిద్ధంగా ఉన్న పీడీఎఫ్. ప్రింట్‌కి టైమూ డబ్బూ వేరని విడిగా ఒక వాక్యం రాశాను. కావాలంటే ప్రెస్‌కి నేనే వెళ్లి మొదటి షీటు చూసి వస్తాను, గుంటూరులో అయితే. ఎందుకు వెళ్లాలంటే, ఫోన్ స్క్రీన్ మీద మండిపోయే ఎరుపు కాగితం మీదికి వచ్చేసరికి ఇటుక రంగులోకి దిగుతుంది. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్ సిరాతో చూపిస్తుంది. ఆవకాయ లేబుల్‌కి ఇదే జరిగింది, మొదటి షీటు చూసి ఎరుపులో నీలిసిరా పాలు తగ్గించాక సరైంది. క్యారసెల్‌లో 3వ ఫొటో ఆ అచ్చయిన సీసాదే, స్క్రీన్ బొమ్మ కాదు.

5వ రోజు, శుక్రవారం

మొత్తం రాసి ఇన్‌స్టాగ్రామ్‌లో పేస్ట్ చేస్తే తీసుకోలేదు. క్యాప్షన్ హద్దు 2,200 అక్షరాలు. నేను రాసింది చూడటానికి ఒక పేజీ కూడా లేదు, ఎలా దాటిందా అని గూగుల్ షీట్‌లో వేసి `=LEN(A1)` కొట్టి చూశాను. తెలుగులో గుణింతం, ఒత్తు, పొల్లు, సున్న అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. "ఫ్రెండ్స్" అనే మాట కంటికి రెండు అక్షరాలు, లెక్కకి 9. అది తెలియక ఇంగ్లీషు క్యాప్షన్ల కొలతతో రాసుకుంటూ పోయాను.

అసలు సమస్య 2,200 కూడా కాదు. ఫీడ్‌లో క్యాప్షన్ మొదటి ముక్క మాత్రమే కనపడుతుంది, సుమారు 125 అక్షరాలు, ఆ తర్వాతది నొక్కితేనే తెరుచుకుంటుంది. తెలుగులో అది పన్నెండు పదిహేను మాటలు. నా పాత డ్రాఫ్ట్ "హాయ్ ఫ్రెండ్స్, నేను ఎన్నో ఏళ్లుగా గ్రాఫిక్ డిజైన్ రంగంలో" అని మొదలవుతుంది. ఆ పన్నెండు మాటలూ నా గురించే అయిపోతే చదివేవాళ్లు ఎందుకు నొక్కాలి?

ఇరవై రకాలుగా రాసి చూశాను. చివరికి మిగిలింది ఇది:

"పచ్చళ్ల లేబుల్, టిఫిన్ సెంటర్ మెనూ, షాపు లోగో. ధర ముందే చెప్తాను."

`LEN` 65 చూపించింది. పచ్చళ్లు అమ్మేవాళ్లకి మొదటి మాటలోనే తమ పని కనపడుతుంది. "ధర ముందే చెప్తాను" అన్నది నాకు బాగా నచ్చింది, అది కింద నిజంగా ధర ఉందని చెప్తోంది.

6వ రోజు, శనివారం

రాసినదాన్ని ఇద్దరికి చదవమని ఇచ్చాను, పక్కన కూర్చుని చూశాను. పచ్చళ్ల అక్క గబగబా చదివి "అడ్వాన్సు సగం అన్నావు, మిగతాది ఎప్పుడు?" అన్నారు. నిజమే, రాయలేదు. చివరి ఫైల్ ఇచ్చే ముందు అని చేర్చాను. దాంతోపాటు ఇంకో వాక్యం కూడా చేర్చాను, ప్రింట్‌కి పంపే ముందు అక్షరమక్షరం చదివి వాట్సాప్‌లో "ఓకే" అని రాయాలని. చికెన్ లేబుల్‌లో తప్పు నాకు కనపడింది, కానీ వాళ్ల ఇంగువ, వాళ్ల నూనె, వాళ్ల లైసెన్సు నంబరు తప్పో ఒప్పో వాళ్లకే తెలుస్తుంది.

టిఫిన్ సెంటర్ బాబాయికి చూపిస్తే ఆయన వేలు "రివిజన్లు రెండు" దగ్గర ఆగింది. "ఇదేంట్రా?" అన్నారు. మార్పులు బాబాయ్ అన్నాను. "అలా రాయొచ్చుగా." మార్చేశాను. అలాగే "సీఎంవైకే" అనే ప్రింట్ రంగుల మాట తీసేశాను, "వెక్టర్ ఫైల్" బదులు "ఎంత పెద్ద బోర్డు మీద వేసినా మసకబారని ఫైల్" అని రాశాను. బాబాయి మెనూ బోర్డుకి నేను ఎక్కువ కష్టపడింది తెలుగు అక్షరాల దగ్గర. ఆయన వాట్సాప్‌లో పంపిన వంటకాల పేర్లు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడ్డాయి, సెట్టింగుల్లో టెక్స్ట్‌ని `World-Ready Layout`కి మారిస్తే గానీ సర్దుకోలేదు. ఊళ్లో ఎన్నో బోర్డుల మీద ఉల్లిపాయ అట్టులో ఒత్తులు విరిగి కనపడతాయి, నాకది చూస్తే బాధగా ఉంటుంది. అందుకే తెలుగు గురించి ఒక వాక్యం క్యాప్షన్‌లో ఉండాలనుకున్నాను. అక్షరాలకి రామభద్ర, మల్లన్న, ఎన్‌టీఆర్ లాంటి ఫాంట్లు వాడతాను, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నవి, వ్యాపారానికి వాడుకోవడానికి అనుమతి ఉన్నవి. ఈ సంగతి మాత్రం క్యాప్షన్‌లో రాయలేదు, అడిగినవాళ్లకి చెప్తాను.

ఇద్దరి దగ్గరా ఫొటోలు పెట్టుకోవడానికి మళ్లీ అనుమతి అడిగాను. లేబుల్ మీద అక్క ఫోన్ నంబరు, అడ్రసు ఉన్నాయి, ఫొటోలో వాటిని మసక చేశాను.

7వ రోజు, ఆదివారం

క్యాప్షన్‌లో లింక్ పెడితే నొక్కడానికి రాదు, ప్రొఫైల్ బయోలో పెడితే పనిచేస్తుంది. అక్కడ వాట్సాప్ లింక్ ఇలా పెట్టాను, ముందు దేశం కోడ్ ఉండాలి, దాని ముందు ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ ఉండకూడదు:

```
https://wa.me/91XXXXXXXXXX?text=Design
```

చివర `text=` తర్వాత ఉన్నది వాళ్ల వాట్సాప్‌లో ముందే టైప్ అయి ఉంటుంది. పంపడం నొక్కితే చాలు, ఈ లింక్ నుంచి వచ్చారని మొదటి మెసేజ్‌లోనే తెలుస్తుంది.

రాత్రి ఎనిమిదింటికి పోస్ట్ చేశాను. చివరికి వెళ్లిన క్యాప్షన్ ఇది:

పచ్చళ్ల లేబుల్, టిఫిన్ సెంటర్ మెనూ, షాపు లోగో. ధర ముందే చెప్తాను.

ఈ ఫొటోల్లో ఉన్నవన్నీ అచ్చయి ఇప్పుడు షాపుల్లో వాడుతున్నవే.

2, 3, 4 ఫొటోలు పచ్చళ్ల లేబుళ్లు. మొదటి రకానికి ₹2,500, అదే డిజైన్‌లో ఇంకో రకానికి ₹500. ఆరు రకాలకి కలిపి ₹5,000.

5వ ఫొటో మెనూ బోర్డు. ₹1,500. తెలుగు, ఇంగ్లీషు రెండూ కావాలంటే ₹2,000. తెలుగులో ఒత్తులు విరగవు, అది నా బాధ్యత.

6, 7 ఫొటోలు లోగో. ₹4,000 నుంచి. రెండు ఐడియాలు చూపిస్తాను, ఒకటి ఎంచుకోండి. ఎంత పెద్ద బోర్డు మీద వేసినా మసకబారని ఫైల్ ఇస్తాను.

లేబుల్, మెనూ 5 పని రోజుల్లో, లోగో 10 పని రోజుల్లో. మీ వివరాలన్నీ, సగం అడ్వాన్సు అందిన మర్నాటి నుంచి లెక్క, మార్పులు చెప్పడానికి మీరు తీసుకునే రోజులు కలవవు. మిగతా సగం చివరి ఫైల్ ఇచ్చే ముందు. రెండుసార్లు మార్పులు ఈ ధరలోనే. ప్రింటింగ్‌కి టైమూ డబ్బూ వేరు. ప్రింట్‌కి ముందు మీరు అంతా చదివి వాట్సాప్‌లో ఓకే అని రాయాలి.

గుంటూరులో ఉంటాను, ఏ ఊరికైనా చేస్తాను. వాట్సాప్ లింక్ బయోలో ఉంది. మూడు విషయాలు రాయండి: ఏం అమ్ముతారు, ఏం కావాలి, ఎప్పటికి కావాలి.

16వ రోజు, మంగళవారం

తొమ్మిది రోజుల లెక్క. మెసేజ్‌లు ఆరే వచ్చాయి, పోయినసారి కంటే తక్కువ. మొదటి మూడు రోజులు ఒక్కటీ రాకపోతే ధరలు తీసేద్దామా అని రెండుసార్లు ఎడిట్ దాకా వెళ్లి వెనక్కొచ్చాను. వచ్చిన ఆరుగురిలో నలుగురు మూడు విషయాలూ రాశారు. ఇద్దరితో పని కుదిరింది, తెనాలిలో కారప్పొడులు చేసే అమ్మ ఒకరు, ఇక్కడే జ్యూస్ షాపు అన్న ఒకరు. కారప్పొడుల ఆవిడ నాలుగు రకాలని చెప్పి, "రెండున్నర వేలు, మూడు ఐదొందలు, నాలుగు వేలు కదా బాబూ" అని తనే లెక్క చెప్పారు. నేను అవునండీ అన్నాను, అంతే, బేరం మాట రాలేదు.

జ్యూస్ షాపు అన్న దగ్గర ఒక కన్నం బయటపడింది. ఆయన మెనూలో పళ్ల ఫొటోలు కావాలన్నారు, ఫొటోలు ఎవరివి? ఆయన గూగుల్‌లో దొరికినవి పంపారు, అవి వాడకూడదు. నేను షాపుకి వెళ్లి గ్లాసులన్నీ ఫోన్‌తో తీస్తే మూడు గంటలు పట్టింది, ఆ మూడు గంటలూ ధరలో లేవు. మాట ఇచ్చేశాను కాబట్టి ఈసారి ఏమీ అడగలేదు. క్యాప్షన్‌లో మెనూ వాక్యం పక్కన "ఫొటోలు మీరు ఇవ్వాలి, నన్ను తీయమంటే ₹750" అని ఇందాకే చేర్చాను.

కారప్పొడుల ఆవిడ ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఇంకా రాలేదట, వారంలో వస్తుందన్నారు. అడ్వాన్సు వేసేశారు, వివరాలు పూర్తి కాలేదు. లెక్క ఇంకా మొదలవలేదని ఆవిడే నాకు చెప్పారు. ఈలోగా సీసా కొలత కావాలి. దారం చుట్టి కొలిచి పంపమన్నాను, చుట్టుకొలతలో ఒక సెంటీమీటరు తగ్గించి లేబుల్ పొడవు పెట్టుకుంటాను, అంచులు ఒకదాని మీదికొకటి ఎక్కకుండా.